మోకాలు ఎటు మెలితిరిగితే ఏది తెగుతుంది

మోకాలి కీలులో మూడు ఎముకలు కలుస్తాయి. పైన తొడ ఎముక, కింద టిబియా అనే కాలి పెద్ద ఎముక, ముందు వైపు మోకాలి చిప్ప. తుంటిలోనైతే తొడ ఎముక గుండ్రటి తల లోతైన గుంటలో ఇమిడి ఉంటుంది కాబట్టి ఎముకల ఆకారమే కీలును చాలావరకు కాపాడుతుంది. మోకాలికి అలాంటి గుంట లేదు. తొడ ఎముక కింది చివర రెండు గుండ్రటి బుడిపెలుగా ఉంటుంది. అవి ఆనుకునే టిబియా పైభాగం ఇంచుమించు బల్లపరుపుగా ఉండి, లోపలి వైపు కొద్దిగా పల్లంగా, బయటి వైపు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. బల్లపరుపు మీద గుండ్రటిది నిలిచినట్టే కాబట్టి ఎముకల బలంతోనే అయితే ఈ కీలు ఏ పక్కకైనా జారిపోతుంది. జారకుండా పట్టి ఉంచేవి నాలుగు ప్రధాన లిగమెంట్లు, రెండు మెనిస్కస్‌లు, చుట్టూ ఉన్న కండరాలు. ఆటల్లో తరచుగా దెబ్బతినేవి లిగమెంట్లు, మెనిస్కస్‌లే. ఒక్కొక్కటి ఒక్కో కదలికను అడ్డుకుంటుంది కాబట్టి మోకాలు ఎటు మెలితిరిగిందో తెలిస్తే ఏది తెగి ఉంటుందో చాలావరకు చెప్పవచ్చు.

నాలుగు లిగమెంట్లు, నాలుగు పనులు

ఎముకను ఎముకతో కలిపే గట్టి పట్టీలనే లిగమెంట్లు అంటారు. మోకాలికి రెండు పక్కలా ఒక్కొక్కటి, కీలు నడిమధ్యలో రెండు ఉంటాయి.

లోపలి పక్క, అంటే రెండో మోకాలికి ఎదురుగా ఉండే వైపు ఉన్నది ఎంసీఎల్. ఇది వెడల్పుగా, చదునుగా, దాదాపు 10 సెంటీమీటర్ల పొడవుతో తొడ ఎముక నుంచి టిబియా మీదికి దిగుతుంది. మోకాలు లోపలికి వంగిపోకుండా ఆపడం దీని పని. దీని కింద ఇంకో పలుచటి పొర ఉంటుంది. ఆ పొర లోపలి మెనిస్కస్‌కు అతుక్కుని ఉంటుంది. బయటి పక్కన ఉన్నది ఎల్‌సీఎల్. ఇది తాడులా సన్నగా ఉండి, టిబియా పక్కనే ఉండే సన్నటి ఎముక ఫిబులా తలకు అతుకుతుంది. బయటి మెనిస్కస్‌కు దీనితో అతుకు లేదు. మోకాలు బయటికి వంగకుండా ఇది ఆపుతుంది.

కీలు మధ్యలో ఉన్న రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ వెళ్తాయి. ముందుదాన్ని ఏసీఎల్ అని, వెనుకదాన్ని పీసీఎల్ అని పిలుస్తారు. ఏసీఎల్ టిబియా పైభాగం మధ్యలో, ముందు వైపు మొదలై, వెనక్కీ పైకీ ఏటవాలుగా వెళ్లి తొడ ఎముక బయటి బుడిపె లోపలి గోడకు అతుకుతుంది. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, మందం చిటికెన వేలంత. టిబియా ముందుకు జారకుండా ఆపే పనిలో సింహభాగం దీనిదే. టిబియా లోపలికి మెలితిరగకుండా ఆపడంలోనూ దీనికి వాటా ఉంది. పీసీఎల్ దీనికన్నా మందంగా, బలంగా ఉంటుంది. టిబియా వెనుక అంచు నుంచి బయలుదేరి తొడ ఎముక లోపలి బుడిపెకు చేరుతుంది. టిబియా వెనక్కి జారకుండా చూస్తుంది.

మెనిస్కస్‌ల నిర్మాణం

తొడ ఎముక బుడిపెలకూ టిబియాకూ మధ్య రెండు పక్కలా వంపు తిరిగిన మెత్తటి మృదులాస్థి దిమ్మెలు ఉంటాయి. వీటినే మెనిస్కస్‌లు అంటారు. అడ్డంగా కోసి చూస్తే బయటి అంచు దళసరిగా, లోపలి అంచు పలుచగా కనిపిస్తుంది. గుండ్రటి బుడిపెకూ చదును టిబియాకూ మధ్య ఉన్న సందును అవి నింపుతాయి. దానివల్ల బరువు ఒక్క చోట పడకుండా ఎక్కువ విస్తీర్ణంలో పరుచుకుంటుంది. కాలు చాపి నిలబడినప్పుడు కీలు మీద పడే బరువులో సుమారు సగం మెనిస్కస్‌ల గుండా వెళ్తుంది. మోకాలు 90 డిగ్రీలు వంచినప్పుడు ఆ వాటా 85 శాతం దాకా పెరుగుతుంది.

బరువు పడినప్పుడు మెనిస్కస్ బయటికి నెట్టుకుపోవాలి. అలా పోకుండా ఆపేవి అంచు వెంబడి చుట్టూ సాగే కొల్లాజెన్ పోగులు. ఈ పోగుల రెండు కొసలూ టిబియా ఎముకలో గట్టిగా పాతుకుని ఉంటాయి. అందుకే మెనిస్కస్ ఎటువైపు చీలిందన్నది ముఖ్యం. పోగుల వెంబడి నిలువుగా చీలితే పోగులు తెగవు, రెండు పొరలుగా విడిపోతాయంతే. లోపలి అంచు నుంచి బయటికి అడ్డంగా చీలితే పోగులే తెగుతాయి. ఆ చీలిక బయటి అంచు దాకా వెళ్తే మెనిస్కస్ మొత్తం బరువు మోసే శక్తిని కోల్పోతుంది.

రెండు మెనిస్కస్‌లూ ఒకేలా ఉండవు. లోపలిది ‘సి’ ఆకారంలో విశాలంగా ఉంటుంది. ఎంసీఎల్ లోపలి పొరకు అతికి ఉండటం వల్ల కదలిక తక్కువ. బయటిది దాదాపు పూర్తి వలయంలా ఉంటుంది. మోకాలు వంచుతున్నప్పుడు అది లోపలిదానికన్నా రెట్టింపు దూరం జరగగలదు. కదలలేని లోపలి మెనిస్కస్ ఎముకల మధ్య ఇరుక్కుపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, మొత్తం మీద చూస్తే చీలికలు దానికే ఎక్కువ వస్తాయి.

ఒంటికాలి మీద దిగినప్పుడు

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ సెమీఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చైనాకు చెందిన హే బింగ్‌జావో మీద మొదటి గేమ్ 21-14తో గెలిచింది. రెండో గేమ్‌లో 10-6తో ముందుంది. అప్పుడు షాట్ ఆడి కాలు మోపే సమయంలో ఆమె కుడి మోకాలు పట్టు తప్పి కూలబడిపోయింది. మోకాలికి పట్టీ బిగించుకుని మళ్లీ కోర్టులోకి వచ్చినా రెండు పాయింట్లు పోగానే ఆట విరమించక తప్పలేదు. ఏసీఎల్‌తో పాటు రెండు మెనిస్కస్‌లూ చీలాయని పరీక్షల్లో తేలింది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో పి.వి. సింధుపై గెలిచిన క్రీడాకారిణిగా తెలుగు ప్రేక్షకులకు ఆమె బాగా తెలుసు. 2019 జనవరిలో సైనా నెహ్వాల్‌తో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్ ఆడుతుండగా ఆమె కుడి మోకాలి ఏసీఎల్ మొదటిసారి తెగింది. 2021లో ఎడమ మోకాలికి కూడా అదే గాయమై టోక్యో ఒలింపిక్స్‌కు దూరమైంది.

ఈ మూడుసార్లలో రెండుసార్లు గాయపడింది కుడి మోకాలు. మారిన్ ఎడమచేతి వాటం క్రీడాకారిణి. బ్యాడ్మింటన్‌లో ఏసీఎల్ తెగినవారిని పరిశీలించిన జపాన్ వైద్యులకు ఒక భంగిమ పదేపదే కనిపించింది. వెనుక కోర్టులో బ్యాక్‌హ్యాండ్ మూలకు వెనక్కి అడుగులు వేసి, తల మీది నుంచి షాట్ కొట్టి, రాకెట్ చేతికి ఎదురు వైపు కాలి మీద ఒంటిగా దిగినప్పుడు ఆ కాలి మోకాలే తెగుతోంది. కుడిచేతి ఆటగాళ్లకు అది ఎడమ మోకాలు, ఎడమచేతి వారికి కుడి మోకాలు.

ఆ భంగిమలో జరిగేది ఇది. నేల తాకే క్షణంలో మోకాలు దాదాపు చాచి ఉంటుంది. శరీరం పక్కకు ఒరిగి ఉండటంతో బరువు మోకాలికి బయటి పక్కన పడి, మోకాలు లోపలికి కూలుతుంది. తొడ ముందున్న క్వాడ్రిసెప్స్ కండరం పడిపోకుండా ఆపడానికి బలంగా బిగుసుకుంటుంది. మోకాలు చాచి ఉన్నప్పుడు ఆ కండరం లాగే దిశ టిబియాను ముందుకు తోస్తుంది. తొడ వెనుక ఉన్న హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు టిబియాను వెనక్కి లాగాలి. మోకాలు వంగి ఉంటేనే వాటికి ఆ పట్టు దొరుకుతుంది, చాచినప్పుడు దొరకదు. దాంతో ముందుకు జారే టిబియాను ఆపే భారమంతా ఏసీఎల్ మీద పడుతుంది. అదే సమయంలో టిబియా లోపలికి మెలితిరుగుతుంది. కాలు నేల తాకిన తర్వాత ఇదంతా జరిగి లిగమెంట్ తెగడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. మెదడు ఆ లోగా ప్రమాదాన్ని గుర్తించి కండరాలను సర్దలేదు. ఎవరూ తాకకుండానే ఏసీఎల్ తెగడం ఎక్కువగా కనిపించేది ఇందుకే. ఫుట్‌బాల్‌లో పరుగు ఆపి దిశ మార్చినప్పుడు, బాస్కెట్‌బాల్‌లో ఎగిరి దిగినప్పుడు, కబడ్డీలో రైడర్ కాలు నాటి గిరుక్కున తిరిగినప్పుడు జరిగేదీ ఇదే.

ఏసీఎల్ తెగగానే టిబియా బయటి వైపు ముందుకు ఉరుకుతుంది. తొడ ఎముక బయటి బుడిపె టిబియా వెనుక అంచును గుద్దుతుంది. ఎంఆర్‌ఐలో ఈ రెండు చోట్లా ఎముక లోపల కమిలిన మచ్చలు కనిపిస్తాయి. తెగిన లిగమెంట్ స్పష్టంగా కనిపించకపోయినా, ఆ జంట మచ్చలను బట్టి జరిగిందేమిటో డాక్టర్లు ఊహించగలరు. ఆ గుద్దుడులో బయటి మెనిస్కస్ నలుగుతుంది కాబట్టి, ఏసీఎల్ తెగిన రోజున ఎక్కువగా చీలేది అదే. లోపలి మెనిస్కస్ వంతు తర్వాత వస్తుంది. ఏసీఎల్ లేని మోకాలిలో టిబియా ముందుకు జారబోయిన ప్రతిసారీ, లోపలి మెనిస్కస్ వెనుక కొమ్ము బండి చక్రం కింద అడ్డంగా పెట్టిన రాయిలా దాన్ని ఆపుతుంది. కదలలేని భాగం మీద పదేపదే ఆ ఒత్తిడి పడితే కొన్ని నెలలకో ఏళ్లకో అది చీలుతుంది. తెగిన ఏసీఎల్‌తో అలాగే ఆడుతూ పోయినవారిలో లోపలి మెనిస్కస్ దెబ్బతినడం ఇందువల్లే.

ఏది తెగిందో తెలుసుకోవడం

గాయపడ్డవారు చెప్పే కొన్ని సంగతులే సగం నిర్ధారణ. లోపల ఏదో ‘టప్’మని తెగినట్టు అనిపించడం, ఆట కొనసాగించలేకపోవడం, రెండు మూడు గంటల్లోనే మోకాలు పొంగిపోవడం ఏసీఎల్ గాయానికి గుర్తులు. ఏసీఎల్‌కు రక్తనాళాలు ఉన్నాయి. అది తెగితే కీలు లోపలికే రక్తం కారుతుంది, అందుకే వాపు అంత త్వరగా వస్తుంది. మెనిస్కస్ ఒక్కటే చీలినప్పుడు వాపు సాధారణంగా మర్నాటికి గానీ కనిపించదు. వాపు, నొప్పి కొన్ని వారాల్లో తగ్గి, తిన్నగా నడవడం బాగానే కుదురుతుంది. దాంతో గాయం మానిందని చాలామంది పొరబడతారు. తీరా ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు మోకాలు పట్టు తప్పుతుంది.

ఏసీఎల్‌ను పరీక్షించడానికి డాక్టరు మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను పట్టుకుని, రెండో చేత్తో కాలిని ముందుకు లాగి చూస్తారు. లిగమెంట్ బాగుంటే కొద్దిగా కదిలి ఠక్కున ఆగుతుంది. తెగి ఉంటే ఆ ఆగడం ఉండదు. దీన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. రెండో కాలితో పోల్చి చూడటం తప్పనిసరి, ఎందుకంటే కొందరి కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉంటాయి.

పీసీఎల్ గాయానికి దారి వేరు. మోకాలు వంగి ఉండగా టిబియా ముందు భాగానికి దెబ్బ తగిలితే ఆ ఎముక వెనక్కి నెట్టుకుపోతుంది. వంచిన మోకాలి మీద నేలకు పడిన గోల్‌కీపర్‌కు గానీ, బైకు ప్రమాదంలో మోకాలి కింది భాగం ఎదుటి వాహనానికి గుద్దుకున్నవారికి గానీ ఇది జరుగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు రెండూ 90 డిగ్రీలు వంచి పక్క నుంచి చూస్తే, తెగిన వైపు టిబియా కిందికి కుంగినట్టు కనిపిస్తుంది.

పక్క లిగమెంట్లలో ఎక్కువగా దెబ్బతినేది ఎంసీఎల్. కబడ్డీలో రైడర్ కాలు నేలకు ఆనించి ఉండగా డిఫెండర్ బయటి వైపు నుంచి మోకాలిని ఢీకొడితే లోపలి పక్క విచ్చుకుంటుంది. డాక్టర్లు దీన్ని మోకాలిని 30 డిగ్రీలు వంచి ఒకసారి, పూర్తిగా చాపి ఇంకోసారి పరీక్షిస్తారు. చాపినప్పుడు కీలు వెనుక పొర, మధ్యలోని రెండు లిగమెంట్లు కూడా బిగుసుకుని మోకాలిని పట్టి ఉంచుతాయి. వంచినప్పుడు ఆ ఆసరా సడలి ఎంసీఎల్ ఒక్కటే ప్రధానంగా మిగులుతుంది. కాబట్టి వంచినప్పుడు మాత్రమే సందు విచ్చుకుంటే గాయం ఎంసీఎల్‌కే పరిమితమని, చాపినా విచ్చుకుంటే లోపలివి కూడా తెగి ఉండవచ్చని అర్థం.

ఎల్‌సీఎల్ ఒంటరిగా తెగడం అరుదు. అది తెగేంత దెబ్బలో చుట్టుపక్కలవి కూడా తెగుతాయి. ఫిబులా మెడ చుట్టూ తిరిగి వెళ్లే నరం దెబ్బతింటే పాదం పైకి ఎత్తలేరు. రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగి మోకాలు పూర్తిగా తొలగితే వెనుక నుంచి వెళ్లే పెద్ద ధమనికి ముప్పు. పాదం చల్లబడినా, నాడి అందకపోయినా అది గంటల మీద తేల్చవలసిన అత్యవసర పరిస్థితి.

మెనిస్కస్ చీలితే కీలు సందు వెంబడి ఒక చోట నొక్కితే నొప్పి, గొంతుకూర్చుని లేచేటప్పుడు నొప్పి, లోపల ఏదో పట్టుకున్న భావన ఉంటాయి. నిలువుగా పొడవునా చీలిన ముక్క బక్కెట్ పిడిలా లేచి కీలు మధ్యకు వచ్చి ఇరుక్కుంటే మోకాలు పూర్తిగా చాచడం కుదరదు. దాన్నే మోకాలు లాక్ కావడం అంటారు.

మానేవి, మాననివి

ఎంసీఎల్ కీలుకు వెలుపల, రక్తం బాగా అందే కణజాలం మధ్య ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీద కొత్త పోగులు అల్లుకుంటాయి. కాబట్టి అది ఒక్కటే దెబ్బతింటే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. స్వల్ప గాయమైతే రెండు మూడు వారాలు, పూర్తిగా తెగితే మడత బిగింపున్న బ్రేస్‌తో ఆరు నుంచి ఎనిమిది వారాలు లేదా ఇంకొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

ఏసీఎల్ కీలు లోపల ఉంటుంది. తెగినప్పుడు కారిన రక్తం కీలు ద్రవంలో కలిసి పలుచబడుతుంది, కొసల మధ్య గడ్డ నిలవదు. అందుకే పూర్తిగా తెగిన ఏసీఎల్ తనంతట తాను సరిగా అతుక్కోవడం అరుదు. కొసలను కుట్టినా చాలామందిలో నిలవదు కాబట్టి, దాని స్థానంలో రోగి సొంత హ్యామ్‌స్ట్రింగ్ నుంచో, మోకాలి చిప్ప కింది పట్టీ నుంచో తీసిన ముక్కను రెండు ఎముకల్లో సొరంగాలు తొలిచి బిగిస్తారు. ఆ సొరంగాలు పాత లిగమెంట్ అతుకున్న చోటే రావాలి. కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పోయినా కొత్త ముక్క వంచినప్పుడు మరీ బిగుసుకోవడమో చాచినప్పుడు సడలిపోవడమో జరుగుతుంది.

అమర్చిన ముక్కకు మొదట్లో రక్తప్రసారం ఉండదు. శరీరం దాన్ని మెత్తబరచి, కొత్త కణాలతో నింపి, మెల్లగా లిగమెంట్‌గా మారుస్తుంది. ఆ మధ్యకాలంలో, ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలల ప్రాంతంలో, నొప్పి పోయి రోగికి ధైర్యం వచ్చే వేళకే అది బలహీనంగా ఉంటుంది. అందుకే దిశ మార్చే ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలని, గాయపడ్డ కాలి తొడ బలం రెండో కాలిలో 90 శాతానికి చేరాకే దిగాలని చెబుతారు. మెలితిరిగే ఆటలు ఆడనివారు, మోకాలు పట్టు తప్పనివారు కండరాల వ్యాయామంతోనే ఆపరేషన్ లేకుండా నెట్టుకురాగలరు.

మెనిస్కస్‌కు పెద్దవారిలో బయటి అంచు పావు వంతు దాకా మాత్రమే రక్తం అందుతుంది. లోపలి భాగం కీలు ద్రవం నుంచే పోషణ పొందుతుంది. బయటి అంచున నిలువుగా వచ్చిన చీలికను కుడితే అతుక్కునే అవకాశం ఎక్కువ, లోపలి అంచున వచ్చిన చీలికకు ఆ అవకాశం తక్కువ. ఒకప్పుడు చీలిన మెనిస్కస్‌ను మొత్తంగా తీసేసేవారు. అలా తీసేసిన మోకాళ్లలో ఎక్స్‌రేలో కీలు సందు తగ్గడం, ఎముక అంచు పెరగడం 1948లో బ్రిటన్ శస్త్రవైద్యుడు ఫెయిర్‌బ్యాంక్ వివరించారు. బరువు పరిచే దిమ్మె పోయాక అదే బరువు చిన్న చోట పడి మృదులాస్థి అరిగిపోతుందని తర్వాత స్పష్టమైంది. ఇప్పుడు కుట్టడానికి వీలున్నదాన్ని కుడతారు, వీలుకాని చోట వదులుగా ఉన్న ముక్కనే కత్తిరిస్తారు. కత్తిరించినవారు కొన్ని వారాల్లో ఆటకు వస్తారు. కుట్టినవారు నెలల తరబడి ఆగాలి. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు మోకాలిని 90 డిగ్రీలకు మించి వంచనివ్వరు, ఎందుకంటే ఎక్కువ వంచినప్పుడు బరువంతా కుట్లు ఉన్న వెనుక కొమ్ము మీదే పడుతుంది.

గాయం రాకుండా చేయించే వ్యాయామాలకూ ఇదే లెక్క. ఎగిరి దిగేటప్పుడు మోకాలు చాచి ఉంటే, లోపలికి కూలితే ఏసీఎల్ తెగుతుంది కాబట్టి, వీలైనప్పుడు రెండు కాళ్ల మీద, మోకాళ్లూ తుంటీ వంచి, మోకాలు పాదం వేళ్ల వరుసలోనే ఉండేలా దిగడం నేర్పుతారు. టిబియాను వెనక్కి లాగే హ్యామ్‌స్ట్రింగ్‌కూ, తొడ లోపలికి తిరగకుండా ఆపే పిరుదు కండరాలకూ బలం పెంచుతారు. ఫుట్‌బాల్ కోసం రూపొందించిన ‘ఫిఫా 11+’ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఈ సూత్రాల మీదే నడుస్తుంది. వారానికి రెండుసార్లయినా క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది. ఆటగాళ్లు అప్పుడప్పుడూ చేసి వదిలేస్తే ఆ ప్రయోజనం కనిపించదు.